దొంగ గడువు

జాకెట్టు కుట్టడానికి ఇచ్చేటప్పుడు మనలో చాలామందిమి టైలరుతో ఓ చిన్న అబద్ధం ఆడతాం. పెళ్ళి పద్నాలుగో తారీఖునైతే "పదో తారీఖే పెళ్ళి, తొమ్మిదికల్లా ఇచ్చెయ్యాలి బాబూ" అంటాం. అతగాడికీ ఈ సంగతి తెలుసు. తొమ్మిదిన వెళితే "రేపు రండమ్మా" అంటాడు. పదమూడు సాయంత్రానికి హుక్కులు కుట్టి చేతిలో పెడతాడు. ఇద్దరిలో ఎవరూ నమ్మలేదు కనుక ఎవరూ మోసపోలేదు. దాన్ని అబద్ధమని కూడా మనం అనుకోం.

కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కలిసి క్లాసులో ప్రెజెంటేషన్ ఇవ్వవలసి వచ్చినప్పుడు, వాళ్ళ లీడరు పంపే మెసేజిలోనూ సరిగ్గా ఇదే అబద్ధం ఉంటుంది. కానీ అక్కడ నమ్మేవాళ్ళు ఒకరిద్దరుంటారు. తమాషా అంతా అక్కడే ఉంది.

ఓ మెసేజి చూడండి. డిగ్రీ చివరి సంవత్సరం అమ్మాయిలు ఐదుగురు. వాళ్ళ విషయం డ్వాక్రా సంఘాల అప్పులు. లీడరు శ్రావణి సోమవారం రాత్రి ఇలా పంపింది:

"వచ్చే సోమవారం 11 గంటలకి మన ప్రెజెంటేషన్. 15 నిమిషాలు, 12 స్లైడ్లు. దివ్య: సంఘం ఎలా ఏర్పడుతుంది, 2 స్లైడ్లు. మౌనిక: పొదుపు, 2. హారిక: బ్యాంకు అప్పు, 3. స్వాతి: తిరిగి కట్టడంలో ఇబ్బందులు, 2. నేను: మొదటి స్లైడు, ముగింపు కలిపి 3. హెడ్డింగు 36 సైజు, మేటరు 24కి తగ్గకూడదు. స్లైడుకి ఆరు లైన్లే. నేను పంపిన ఫైల్లోనే టైపు చెయ్యండి, ఫొటో తీసి పంపొద్దు. గురువారం రాత్రి 9 గంటలు ఆఖరు. ఆ తరువాత తీసుకోను."

చదవగానే కలెక్టరుగారి ఉత్తర్వులా ఉంది కదూ? కానీ నిదానంగా చూస్తే ఇందులో ప్రతి నియమం వెనకా ఓ కారణం ఉంది. అక్షరాలు 24కి తగ్గితే ఆఖరి బెంచీవాళ్ళకి కనపడవు. ఆరు లైన్లు దాటితే వినేవాళ్ళు వినడం మానేసి చదవడం మొదలుపెడతారు. ఫొటోగా పంపితే అందులో తప్పు దొర్లినా దిద్దడానికి వీలుండదు. ఎవరి ఫాంటులో వాళ్ళు టైపు చేస్తే, ఆ ఫాంటు లేని కాలేజీ కంప్యూటరులో తెలుగు అక్షరాలు కాస్తా చెదిరిపోవచ్చు. స్లైడుకి ఒక్క నిమిషం చొప్పున 12 నిమిషాలు పోతే, ఒకరు తప్పుకుని ఒకరు రావడానికీ, తడబాటుకీ 3 నిమిషాలు మిగులుతాయి. ఈ మాటలన్నీ నిజాలే. కావాలంటే ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. చివరి రెండు వాక్యాలు మాత్రం నిజం కాదు. శనివారం వచ్చినా శ్రావణి తీసుకుంటుంది. తీసుకోక ఏం చేస్తుంది? మార్కులు ఐదుగురికీ కలిపి కదా!

ఇక ఏం జరుగుతుందో చూడండి. మౌనిక చేసేసి పంపింది. హారికకి ఇలాంటి "ఆఖరు"లు చాలా తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం "ఇంకా టైముందా?" అని అడిగి సాయంత్రానికి పంపింది. స్వాతి శనివారం రాత్రి పంపింది. పుచ్చుకోవడమూ అయింది. దివ్య సంగతి వేరు. వాళ్ళ మామ్మని ఆసుపత్రిలో చేర్చారు. బుధవారం రాత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోనులోనే రెండు స్లైడ్లూ పూర్తిచేసి, గురువారం ఎనిమిదింటికి పంపించింది. శనివారం దాకా గడువుందని తెలిస్తే ఆ రాత్రి కాసేపు కన్ను మూసేది, లేదూ మామ్మతో నాలుగు మాటలు మాట్లాడేది.

దొంగ గడువులోని అన్యాయం ఇదీ. దాని ఖరీదు బద్ధకస్తులు ఇచ్చుకోరు, ఎందుకంటే వాళ్ళు దాన్ని నమ్మనే నమ్మరు. మాటకి విలువిచ్చే పిల్ల ఇచ్చుకుంటుంది. శ్రావణి స్వాతి కోసం ఆడిన అబద్ధం దివ్యకి తగిలింది.

పోతనగారి భాగవతంలో శుక్రాచార్యులవారు బలి చక్రవర్తికి ఏయే సందర్భాల్లో అబద్ధమాడవచ్చో ఓ జాబితా చెబుతారు. అందులో పెళ్ళి విషయాలున్నాయి కనుక మన టైలరు అబద్ధం ఎలాగో గట్టెక్కుతుందేమో. ప్రాణానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు కూడా ఉంది. ప్రెజెంటేషన్ మాత్రం లేదు! అంత పెద్ద జాబితా చేతికిచ్చినా బలి దాన్ని వాడుకోలేదన్నది వేరే సంగతి. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాసిన పుస్తకంలో ఈ చిక్కునే ఇంకో వైపు నుంచి చూపించాడు. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండా మాట ఇవ్వడం అందరికీ అలవాటైతే, మాట ఇవ్వడమన్నదానికే అర్థం లేకుండా పోతుందన్నాడు. "ఆఖరు" అనే మాటకి పట్టిన గతి చూస్తూనే ఉన్నాంగా! ఆఖరు, అసలు ఆఖరు, ఇహ ఇదే ఆఖరు!

అలాగని శ్రావణిని తప్పు పట్టేసి ఊరుకోలేం. ఆ పిల్లకి శుక్రవారం నిజంగానే కావాలి. ఎందుకో చెబుతాను. సంఘంలో పది నుంచి పదిహేనుమంది ఉంటారని దివ్య రాస్తే, ఇరవైమంది దాకా ఉండవచ్చని మౌనిక రాస్తుంది. హారిక నూటికి నెలకి రూపాయి వడ్డీ అంటుంది. స్వాతి ఏడాదికి 12 శాతం అంటుంది. రెండూ ఒకటే అని మనకి తెలుసు. కానీ క్లాసులో కూర్చుని వినేవాళ్ళకి అవి రెండు వేర్వేరు అప్పుల్లా వినిపిస్తాయి. ఇలాంటివి ఎవరి భాగం వాళ్ళు చూసుకున్నంతసేపూ బయటపడవు. ఐదూ పక్కపక్కన పెట్టినప్పుడే కనిపిస్తాయి. కనిపించాక అడగాలి, దిద్దాలి, ఒకసారి గడియారం పెట్టుకుని అందరూ మాట్లాడి చూడాలి. దీనికి రెండు రోజులు ఎక్కువేం కాదు.

మరి ఆ మాటే రాస్తే ఏం పోయె? "గురువారం రాత్రి 9కి మీ భాగాలు పంపండి. శుక్రవారం నేను అన్నీ కలిపి, ఒకదానికొకటి పొసగనివి మీకు చెబుతాను. శనివారం 5 గంటలకి రిహార్సలు. ఆదివారం అక్షర దోషాలు తప్ప ఏదీ మార్చం. గురువారానికి కుదరనివాళ్ళు మంగళవారమే చెప్పండి, సర్దుకుందాం." అప్పుడు గురువారం తరువాత ఉన్నవి ఉత్త ఖాళీ రోజులు కావు, శ్రావణి పని రోజులు. ఆలస్యం చేసేవాళ్ళకి తాము తినేస్తున్నది ఎవరి రోజో తెలుస్తుంది. ఆఖరి వాక్యం దివ్యలాంటి పిల్ల కోసం. అది ఉంటే ఆ అమ్మాయి మంగళవారమే నోరు విప్పి అడిగేది. శ్రావణి తన ముగింపు పని కాస్త ఆపి ఆ రెండు స్లైడ్లూ అందుకునేదో, శుక్రవారం ఉదయం దాకా ఆగేదో.

ఇలా రాసినంత మాత్రాన స్వాతి మారిపోతుందని నేననను. నిజం చెప్పినా శనివారమే పంపేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అందుకు వేరే మందు కావాలి. ఎవరి స్లైడు కింద వాళ్ళ పేరు వేసి, రాని భాగాన్ని రాలేదనే మాస్టారికి చెప్పగలిగే ధైర్యం కావాలి. చాటుగా తానే పూర్తిచేసి స్వాతి పేరు వేస్తే, దొంగ గడువు వెనకే ఇంకో అబద్ధం వచ్చి చేరుతుంది.

ఒక్క సంగతి మాత్రం ఖాయం. వచ్చే సెమిస్టరులో మళ్ళీ "గురువారం ఆఖరు" అని మెసేజి వస్తే, ఈసారి దివ్య కూడా హారికలాగే శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగి "ఇంకా టైముందా?" అని అడుగుతుంది. ఐదుగురిలో మాట నమ్మే మనిషి ఒకరు తగ్గిపోతారు.