ఎవరి గౌరవానికి ఎన్ని వాయిదాలు?

అమ్మా, నాన్నా,

ఫోన్లో మాట్లాడితే ముగ్గురిలో ఎవరో ఒకరికి కోపం వస్తోంది. అందుకే రాస్తున్నాను. ఇంజనీరు ఉద్యోగం చేస్తూ పాత చిన్న కారు కొంటే నలుగురిలో తలవంపులని నాన్న అంటున్నారు. అడవి దారిలో ఒంటరిగా తిరిగే పిల్లకి పెద్ద బండి ఉంటేనే తనకి ధైర్యమని అమ్మ అంటోంది. ఒకటి పరువు మాట, ఒకటి భయం మాట. రెండిటికీ ఒకే జవాబు లేదు.

ముందు లెక్క చూద్దాం. మీరు చూసిన ఎస్‌యూవీ రోడ్డెక్కేసరికి 17 లక్షలు. అందులో 3 లక్షలు నాన్న సర్దుతానన్నారు. అవి అమ్మ నగలు బ్యాంకులో పెడితే వచ్చేవే కదా. మిగిలిన 14 లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పుగా తీసుకుంటే నెలకి దాదాపు 22,880 రూపాయలు కట్టాలి. నా చేతికొచ్చే 58 వేలలో ఇది నలభై శాతం. మొదట్లో ప్రతి వాయిదాలోనూ దాదాపు సగం వడ్డీకే పోతుంది. మూడేళ్లపాటు ఒక్క నెల తప్పకుండా 8 లక్షల 24 వేలు కట్టాక కూడా ఇంకా 9 లక్షల 11 వేల అసలు మిగిలే ఉంటుంది. బండి విలువ మాత్రం నా వాయిదాల కోసం ఆగదు.

ఆడపిల్ల సంపాదిస్తే స్వతంత్రం వచ్చినట్టే అనుకుంటాం. ఆ సంపాదన ఎటు పోవాలో ఏడేళ్లకి ముందే రాసిపెట్టి ఉంటే అది ఏపాటి స్వతంత్రం? కొలతలు సరిపోని బిల్లు మీద సంతకం పెట్టమంటే పెట్టనని చెప్పడానికి, నచ్చని సంబంధాన్ని కాదనడానికి, ఉద్యోగం మాని చదువుకోడానికి, ముందుగా వచ్చే నెల వాయిదా గుర్తుకు రాకుండా ఉండాలి. నాకు కావలసిన గౌరవం అదే.

ఇక అమ్మ భయం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు నేను తిరిగేది ఎక్కువగా తారు రోడ్డు మీదే. నేను చూసిన చిన్న కారు నేలకి 165 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మీరు చెప్పిన ఎస్‌యూవీ 190. తేడా ఒక అంగుళం. పైగా ఆ ఎస్‌యూవీలోనూ ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్తుంది, నాలుగింటికీ కాదు. వాగు పొంగితే అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారుని తేల్చేస్తాయి, రెండడుగులైతే పెద్ద బండినీ లాక్కుపోతాయి. ఏ బండైనా ఒడ్డునే ఆగాలి. ఎత్తయిన సీటు ఇచ్చే ధైర్యంతో వాగులోకి దిగడమే ప్రమాదం.

లారీ గుద్దితే బరువైన బండిలో ఉన్నవాళ్లకి కొంత మేలన్నది నిజం. అందుకే మరీ పాతవి చూడలేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. నేను ఎంచుకున్నది 2020 బండి, రెండు ఎయిర్ బ్యాగులున్నాయి. కానీ అమ్మా, సాయంకాలం కట్టెల మోపులతో రోడ్డు పక్కన నడిచి వచ్చే కోయ ఆడవాళ్ల సంగతీ ఆలోచించు. నన్ను కాపాడే ఆ బరువూ, ఎత్తయిన ఆ ముందుభాగమూ తగిలితే వాళ్లకి దెబ్బ ఎక్కువ. నా భద్రతకి వాళ్లు వెల కట్టాలా?

పాత బండిలో మోసం ఉంటుందన్న నాన్న అనుమానం న్యాయమైనదే. మన దగ్గర అసలు మోసం వరద బండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు కాలనీలను ముంచింది. మొదట చూసిన కారు అరవై వేలు చవకగా ఇస్తామన్నారు. సీటు బెల్టుని చివరిదాకా లాగాను. పైభాగం శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉన్న భాగంలో బురద చార. మ్యాటు ఎత్తితే సీటు బోల్టులకి తుప్పు. అలాంటి బండి ఆ రోజు నడుస్తుంది, నెలల తర్వాత వైర్ల జాయింట్లు పాడై ఎక్కడో ఆగిపోతుంది. వద్దన్నాను.

రెండో బండి 4 లక్షల 10 వేలు. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే చల్లటి ఇంజను నా ముందే స్టార్టు చేయించాను. పొగ లేదు. పాత అప్పు తీరినట్టు బ్యాంకు కాగితం ఉంది. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లో నా పేరుకి మార్పించుకోవాలి. టైర్లు, క్లచ్చి ఏడాదిలోగా మార్చాల్సి రావచ్చు. దానికి 40 వేలు పక్కన పెట్టాను. అంతా నేను దాచుకున్న డబ్బే.

నాన్నా, తమ్ముడు బస్సులో తిరిగితే పొదుపరి అంటారు, నేను చిన్న కారు కొంటే పరువు పోయిందంటారు. కూతురి బండి అల్లుడి వైపు వాళ్లకి చూపించే వస్తువు కావడం వల్లే ఈ తేడా. ఆ సంబంధాల వాళ్లు అడిగితే చెప్పండి: కారు అమ్మాయి పేరు మీద ఉంది, అప్పు ఎవరి పేరు మీదా లేదు. అమ్మ నగలు అమ్మ దగ్గరే ఉన్నాయి.

మీ అమ్మాయి