మూడు దెబ్బలు, రెండు వేళ్లు

బేస్ గిటార్‌లో కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు ఒకదాని తర్వాత ఒకటి తీగ మీటుతాయి. నాలుగేసి దెబ్బల నడకలో ఈ జోడీకి ఇబ్బంది లేదు. ఒత్తు పడే మొదటి దెబ్బ ఎప్పుడూ చూపుడు వేలికే వస్తుంది. మా జనగామలో పాటలు అంతటితో ఊరుకోవు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్య ఊరు మాణిక్యాపురం ఈ జిల్లాలోదే. డోలు, డప్పు వింటూ పెరిగిన చెవి మూడేసి దెబ్బల నడకను ఇట్టే పట్టేస్తుంది. చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో నేను వాయించే పాటల్లో చాలావరకు తిశ్రమే.

మూడు దెబ్బల్ని రెండు వేళ్లకు పంచి చూడండి. చూపుడు, నడిమి, చూపుడు. తర్వాతి మూడూ నడిమి, చూపుడు, నడిమి. ఒత్తు ఒకసారి ఒక వేలి మీద, మరోసారి ఇంకో వేలి మీద పడుతుంది. నడిమి వేలు పొడవైనది. అది తీగను లోతుగా పట్టుకుంటుంది కాబట్టి నాదం గట్టిగా వస్తుంది. ఆ తేడాను అలాగే వదిలేస్తే ఒత్తు అక్కర్లేని చోట కూడా పడి, పాట కుంటుతుంది. మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ దాదాపు అంతా ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడు. ఒక్క వేలికి హెచ్చుతగ్గుల గొడవే లేదు. అయితే ఆయన వేగం అందరి వేలికీ రాదు. మనలాంటివాళ్లం రెండు వేళ్లనూ సరిచేసుకోవాల్సిందే. నడిమి వేలిని కాస్త వంచితే రెండు కొసలూ ఒకే గీత మీదికి వస్తాయి. సమానత్వం చేతికి పుట్టుకతో రాదు, వంచి తెచ్చుకోవాలి.

తిశ్రంలో నేను ఎక్కువగా వాయించేది స, ప, పై స. మందపాటి నాలుగో తీగ మీద ఐదో ఫ్రెట్ దగ్గర స. మూడో తీగ ఏడో ఫ్రెట్ మీద ప. రెండో తీగ ఏడో ఫ్రెట్ మీదే పై స. ఇక్కడ మీటడమూ ఆపడమూ ఒకే కదలికలో జరుగుతాయి. మూడో తీగను మీటిన వేలు గాలిలోకి లేవదు, పక్కకు జారి నాలుగో తీగ మీద ఆగుతుంది. అంతవరకూ మోగుతున్న స అక్కడ ఆగిపోతుంది. రెండో తీగను మీటిన వేలు మూడో తీగ మీద ఆగి ప ను ఆపుతుంది. ప్రతి కొత్త స్వరమూ పాతదాన్ని ముగిస్తూనే పుడుతుంది.

చిక్కంతా పై స దగ్గరే. మళ్లీ కింది స కు వచ్చేసరికి రెండో తీగను ఆపే పని కుడిచేతిలో ఎవరికీ లేదు. ఎడమచేతి చిటికెన వేలే ఆపాలి. ఆ వేలిని పూర్తిగా ఎత్తేస్తే ఖాళీ తీగ మోగుతుంది. నొక్కు మాత్రం వదిలి వేలిని తీగ మీదే ఉంచాలి. నా దగ్గర నేర్చుకునే ఒక పిల్లాడు సరిగ్గా అలాగే చేసి, “అన్నా, వేలు పెట్టే ఉంచిన, అయినా పైన సన్నగా గంటలాగ మోగుతున్నది” అన్నాడు. వాడి చెవి మంచిదే. ఐదు, ఏడు, పన్నెండు ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలు తేలిగ్గా తాకితే తీగ ఆగదు, భాగాలుగా విడిపోయి సన్నటి పైస్వరం పలుకుతుంది. అక్కడ ఉంగరం వేలును కూడా వాల్చి రెండుచోట్ల ఆనిస్తేనే తీగ మూగబోతుంది. మీటని ఒకటో తీగ మీద కూడా ఎడమచేతి చూపుడు వేలి అడుగు వాలి ఉండాలి. లేకపోతే పక్క తీగల కంపనానికి అదీ కదులుతుంది, పికప్ దాన్ని పట్టి స్పీకర్‌కు పంపుతుంది. వాయిస్తూ హఠాత్తుగా ఆపి చూడండి. ఆ తర్వాత ఏం వినిపించినా అది మీరు వాయించనిదే.

కాలం అంటే స్వరం మొదలయ్యే క్షణమొక్కటే అనుకుంటాం. బేస్‌లో అది ముగిసే క్షణమూ అంతే ముఖ్యం. పై స కాస్త ఎక్కువసేపు సాగిందా, వెనకాలే వచ్చే కింది స ఆలస్యమైనట్టు వినిపిస్తుంది, అది వేళకే పడ్డా సరే. డ్రమ్మర్ “వెనకబడుతున్నావ్” అంటే నేను ముందు చూసుకునేది కుడిచేతిని కాదు, ఎడమచేతి చిటికెన వేలిని.

నడక నిలకడగా ఉందో లేదో తెలియాలంటే మెట్రోనోమ్ కావాలి. నిమిషానికి 60 పెట్టి, దెబ్బకు మూడు స్వరాల చొప్పున వాయిస్తే అది ప్రతి ఒత్తునూ మోస్తుంది, మనకు బాధ్యత ఉండదు. దాన్ని 30కి తగ్గించి వాయించే వేగం అలాగే ఉంచండి. ఇప్పుడు టిక్కు చూపుడు వేలి ఒత్తు మీదే పడుతుంది. నడిమి వేలి ఒత్తుకు కాపలా లేదు. తొందరపడేది అక్కడే. ఫోన్‌లో రికార్డు చేసి వింటే ఆ ఒక్క స్వరం ప్రతిసారీ ముందుకు తోసుకు రావడం స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత వరస తిప్పి నడిమి వేలితో మొదలుపెట్టాలి.

వరస పై నుంచి కిందికి వస్తే, స, ప, కింది స, ఒకే వేలిని మూడు తీగల మీదుగా జార్చేయొచ్చు. కుడిచేతికి శ్రమ లేదు, తీగల్ని ఆపే పని మాత్రం ఎడమచేతిదే. చాలామంది అలాగే వాయిస్తారు, తప్పేమీ లేదు. నేను మాత్రం నెమ్మది పాటల్లో ఒప్పుకోను. జారే వేలు తన వేగంతో పడిపోతుంది, రెండో స్వరం రావలసినదానికన్నా ముందే వచ్చేస్తుంది. వేళ్లు మార్చి వాయించినప్పుడు రెండు స్వరాల మధ్య ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది నేను. జార్చినప్పుడు ఆ నిర్ణయం వేలి బరువుది.