నలభై ఏడో నంబరు కాగితం

మా డిగ్రీ కాలేజీ ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో ఆ సాఫ్ట్‌వేర్ కొనాలన్న మాట వచ్చినప్పుడు, వద్దన్నవాళ్ళలో నేను లేను. అసైన్‌మెంట్లు దిద్దీ దిద్దీ విసిగిపోయి ఉన్నా. హిందూపురం పిల్లాడూ, పెనుకొండ పిల్లా ఒకే రకం నున్నటి ఇంగ్లీషులో లేపాక్షి నంది గురించి రాసుకొస్తుంటే ఎవడికి మాత్రం అనుమానం రాదు? వ్యాసం పేస్ట్ చేస్తే చాలు, అది యంత్రం రాసిందో మనిషి రాసిందో నూటికి ఇన్ని అని చెప్పేస్తుందట. మా హెచ్‌ఓడీ మేడమ్ మాత్రం ఒక్క మాటన్నారు. "కూరగాయలు తూచే కాటానే ముందు రాయి పెట్టి చూస్తాం కదప్పా. దీనికి రాయేది?"

ఆ రాళ్ళు వెతకడంతో మొదలైంది మా పరీక్ష. ఎవరు రాశారో మాకు ఖాయంగా తెలిసిన వ్యాసాలు కావాలి. మనుషులవి 60, యంత్రానివి 60 అనుకున్నాం.

యంత్రానివి తేలికే అనుకున్నాం. కానీ ప్రశ్న యథాతథంగా ఇచ్చి, వచ్చిన జవాబు యథాతథంగా అతికించే పిల్లలు ఇప్పుడు తక్కువ. అందుకని ఇరవై అలాగే ఉంచాం. ఇరవై "డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిలా, చిన్న చిన్న తప్పులతో రాయి" అని అడిగి తీసుకున్నాం. మిగతా ఇరవై మేమే కూర్చుని అక్కడక్కడా మార్చాం.

మనుషులవే కష్టమయ్యాయి. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబరు 30న. అంతకుముందువైతే భయం లేదని పాత బీరువాలోంచి చేతిరాత అసైన్‌మెంట్లు 30 తీశాం. మిగతా 30 వ్యాసాలు సెల్‌ఫోన్లు బయటపెట్టించి, మా కళ్ళ ముందే రాయించాం. ఎందుకు రాయిస్తున్నామో పిల్లలకు ముందే చెప్పాం. పేర్లు తీసేశాం, వాళ్ళ రాతలు ఎక్కడో ఉన్న సర్వర్‌కి వెళ్తాయి కాబట్టి ఒప్పుకున్నవాళ్ళవే తీసుకున్నాం. విషయాలు మాత్రం రెండు వైపులా ఒకటే: లేపాక్షి, పెనుకొండ కోట, ధర్మవరం మగ్గాలు. నిడివీ దాదాపు ఒకటే. లేకపోతే అది పట్టుకునేది యంత్రాన్నా, వ్యాసం పొడుగునా అన్నది తేలదు.

ఇక్కడ ఒక తప్పు చేశాం. చేతిరాతని టైపు చేసిన మా కుర్రాడి కంప్యూటర్లో స్పెల్లింగ్ సవరణ ఆన్‌లో ఉండిపోయింది. పిల్లల తప్పులన్నీ మాయమై, వాక్యాలు శుభ్రంగా తయారయ్యాయి. అంటే మనుషుల రాతను మేమే కొంత యంత్రం రాతగా మార్చాం. ఒక వ్యాసంలో "weavers" అన్న మాట అసలు కాగితంలో ఎలా ఉందో చూడబోయి కనిపెట్టాం. అన్నీ మళ్ళీ టైపు చేయించాం, తప్పులు తప్పులుగానే.

తర్వాత 120 కాగితాలనూ కలిపేసి నంబర్లు వేశాం. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా మేడమ్ బీరువాలో. సగం కాగితాలతో గీత ఎక్కడ గీయాలో నిర్ణయించుకోవాలి. రెండో సగాన్ని అప్పటిదాకా ముట్టుకోకూడదు. మనం ఏ కాగితాలు చూసి గీత గీశామో వాటి మీదే గీత బాగుందని మురిసిపోతే, పేపర్ దిద్దిన చేత్తో పేపర్ లీక్ చేసుకున్నట్టే.

ఆ సాఫ్ట్‌వేర్ తన గీత 50 దగ్గర పెట్టుకుంది. అక్కడ ఉంచితే మొదటి సగంలో ఉన్న 30 మంది మనుషుల్లో 5గురు యంత్రాలయ్యారు. గీతను జరుపుకుంటూ 85 దాకా తీసుకెళ్తే గానీ మనుషులందరూ బయటపడలేదు. కానీ ఆ ఎత్తులో 30 యంత్ర వ్యాసాల్లో 13 మాత్రమే చిక్కాయి. మేం చేత్తో మార్చినవైతే దాదాపు అన్నీ దాటిపోయాయి. సరే, దొంగ తప్పించుకున్నా పర్లేదు, దొర చిక్కకపోతే చాలనుకున్నాం. నిజానికి 30లో ఒక్కటీ తప్పు పోలేదంటే తప్పే లేదని కాదు. గణితంలో ఒక మోటు లెక్కుంది: అలాంటప్పుడు మూడుని శాంపిళ్ళ సంఖ్యతో భాగించాలి. 30కి అది నూటికి పది. అసలు తప్పు రేటు అంత ఉన్నా మాకు సున్నా కనిపించే వీలుంది.

రెండో సగం తెరిచాం. యంత్రానివి 11 చిక్కాయి. మనిషిది ఒకటి చిక్కింది. నంబరు 47.

జాబితా చూస్తే, అది మా కళ్ళ ముందు రాసిన వ్యాసం. రాసింది ధర్మవరం నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి. వాళ్ళింట్లో రెండు మగ్గాలు. పిలిచి అడిగా, అనుమానంతో కాదని ముందే చెప్పి.

"ఇంటర్‌లో మా సార్ రాయించింది సార్ ఇది. నాలుగు దినాలు చదివి నోటికి పట్టుకున్నా. చేనేత మీద ఏమడిగినా అదే రాస్తా."

అర్థమైంది. ఈ పరికరాల్లో చాలావాటిలో ముఖ్యంగా చూసే వాటిలో ఇదొకటి: తర్వాత ఏ పదం వస్తుందో ఎంత సులువుగా ఊహించొచ్చు? ఊహకు అందే వాక్యం యంత్రానిది, అందనిది మనిషిది. బట్టీ పట్టిన గైడు ఇంగ్లీషు కంటే ఊహకు అందేది ఇంకేముంటుంది? ఇది మా ఊరి గోల మాత్రమే కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకిస్తే, సగటున నూటికి 61కి పైగా యంత్రానివని తేల్చాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగ్గా గుర్తుపట్టాయి. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక డిటెక్టర్ తెచ్చి, సరిగ్గా చెప్పడం లేదని జులైలో తీసేసింది.

ఒక్క కాగితమే కదా, 30కి ఒకటి, అన్నాడు మా సహోద్యోగి ఒకాయన. లెక్క వేసి చూపించా. సెమిస్టర్‌కి 180 అసైన్‌మెంట్లు వస్తాయనుకుందాం. 30 మంది యంత్రంతో రాయించారనుకుందాం, 150 మంది సొంతంగా రాశారు. మా పరీక్షలో వచ్చిన రేట్లే నిజమైతే, చిక్కేది 11 మంది దొంగలూ, 5గురు అమాయకులూ. మా గదిలోకి పిలిపించే పదహారు మందిలో దాదాపు మూడో వంతు ఏ తప్పూ చేయనివాళ్ళు. పైగా వాళ్ళెవరో ముందే తెలుసు: తప్పు రాస్తామన్న భయంతో నేర్చుకున్న వాక్యాలనే పట్టుకుని వేలాడేవాళ్ళు. బెంగళూరు కాన్వెంట్‌లో చదివొచ్చిన పిల్లాడు చిక్కడు.

నన్ను పట్టుకున్న ప్రశ్న మాత్రం వేరే. నలభై ఏడో నంబరు మనిషిదని జాబితాలో రాసుకున్నాం, నిజమే. మరి ఆ అమ్మాయిదా? వాక్యాలు వాళ్ళ సార్‌వి. ఆయనకెక్కడివో, బహుశా ఏ గైడులోవో. అలా రాసినందుకే ఆమెకి ఇంటర్‌లో మంచి మార్కులొచ్చాయి. నేనూ డిగ్రీ అలాగే దాటాను, అదే పద్ధతిలో పాఠాలూ చెప్పాను. పదిహేనేళ్ళు పిల్లల్ని యంత్రాల్లా రాయమని మార్కులేసి, ఇప్పుడు యంత్రంలా రాశావేమని నిలదీయడానికి నాకు ఏ హక్కుంది? సాఫ్ట్‌వేర్ తప్పు చెప్పిందని గట్టిగా అనలేకపోయాను. అది అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది, అంతే.

మేడమ్ ఆ కొనుగోలు కాగితం పక్కన పెట్టారు. తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ళు అడిగితే మా ఫలితాలు మీకు పనికిరావని చెప్పాం, మేం తూచింది ఇంగ్లీషునే కాబట్టి. కొత్త రకం యంత్రం వచ్చినప్పుడల్లా మా ఇంగ్లీషుకి కూడా రాళ్ళు మార్చాల్సిందే.

పోయిన వారం ఆ అమ్మాయిని మీ మగ్గం గుంటలో కూర్చుంటే కాళ్ళకి ఏం తగులుతుందో రాయమన్నా, ఇంగ్లీషులోనే. అరపేజీ వచ్చింది. నాలుగు వాక్యాలకి మూడు తప్పులు. మార్కులు ఎన్ని వేయాలో తెలీక, కాగితం ఇంకా నా బ్యాగులోనే ఉంది.