మూత కింద పరిమళం

ఎండిన చామొమైల్ పువ్వొకటి తీసుకుని బ్లేడుతో నిలువునా కోసి చూడండి. చుట్టూ తెల్ల రేకులు కిందికి వాలి ఉంటాయి, నడుమ పసుపుపచ్చ గుబ్బ. ఆ గుబ్బ లోపల బోలుగా ఉంటే అది జర్మన్ చామొమైల్. దాని దాయాది రోమన్ చామొమైల్‌కైతే లోపల నిండుగా ఉంటుంది. శనగగింజంత ఉండే ఈ గుబ్బలో దాగిన విద్య చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఈ పూలనుంచి ఆవిరి పట్టి నూనె తీస్తే అది ముదురు నీలంగా దిగుతుంది. తెల్ల రేకుల్లో నీలం లేదు, పసుపు గుబ్బలో అసలే లేదు. మాట్రిసిన్ అనే రంగులేని పదార్థం ఆవిరి వేడికి మారి చామజులీన్ అవుతుంది, ఆ నీలమంతా దానిదే. పువ్వు బతికున్నన్నాళ్ళూ చూపని రంగు నీటి ఆవిరి తగిలాక బయటపడుతుంది!

మన కప్పులోకి నీలం రాదు, లేత బంగారు రంగే వస్తుంది. కప్పుకి రెండు చెంచాల పూలు వేసి, మరిగిన నీళ్ళు పోసి, వెంటనే మూత పెట్టాలి. పది నిమిషాల తర్వాత మూత ఎత్తి దాని అడుగు చూడండి. అక్కడ పట్టిన చెమట బొట్లను వాసన చూస్తే పండిన ఆపిల్ గుబాళింపు. గాలిలో కలిసిపోవాల్సిన నూనె అది. ఆ బొట్లను కప్పులోకే దులపాలి. మూత లేకుండా కాచిన చామొమైల్ వట్టి పసుపు నీళ్ళే.

ఈ పువ్వులో ఎపిజెనిన్ అనే పదార్థం ఉంది. మెదడులో అలజడిని అణిచే గాబా గ్రాహకాలున్నాయి కదా, కొన్ని నిద్రమాత్రలు వెళ్ళి అతుక్కునే చోటు వాటి మీదే ఉంది. ఎపిజెనిన్ కూడా అక్కడికే చేరి, మరీ మెత్తగా అతుక్కుంటుంది. అందుకే ఈ కప్పు మనిషిని పడగొట్టదు, సద్దుమణిగిస్తుంది. తాగినవాళ్ళకు నిద్ర కాస్త హాయిగా పట్టిందని పరీక్షల్లో తేలింది కానీ, నిద్రపోయే గంటలు పెరిగాయని గట్టిగా తేలలేదు. నెలల తరబడి నిద్ర పట్టనివాళ్ళకు ఇది మందు కాదు. కడుపులో మెలిపెట్టే కండరాల బిగువును కూడా కొంత సడలిస్తుంది కాబట్టి, ఆందోళనతో కడుపు ముడుచుకుపోయేవాళ్ళకు రెండు విధాలా అనువైన కప్పు.

ఇంత మెత్తని పువ్వుకీ ఒక పదును ఉంది. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, మన పొలం గట్ల మీద దద్దుర్లు రేపే వయ్యారిభామ, ఇవన్నీ దీని కుటుంబమే. వయ్యారిభామ గాలి తగిలితే తుమ్ములూ దురదలూ వచ్చేవాళ్ళు చామొమైల్ జోలికి పోకపోవడం మేలు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళయితే మరీ జాగ్రత్త. కెనడాలో 70 ఏళ్ళ ఆవిడ ఒకరు వార్ఫరిన్ వాడుతూ, దగ్గూ గొంతు బాధా తగ్గాలని చామొమైల్ టీ తాగారు, చామొమైల్ లోషన్ కూడా రాసుకున్నారు. కొద్ది రోజుల్లోనే శరీరం లోపల పలుచోట్ల రక్తస్రావమై ఆసుపత్రిలో చేరారు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐ.ఎన్.ఆర్. సాధారణంగా ఆ మందు మీద 2, 3 మధ్య ఉండాలి, ఆవిడకు 7.9 ఉంది. 2006లో వైద్య పత్రికలో అచ్చయిన సంగతి ఇది.

అల్లం తీరు పూర్తిగా వేరు. దానికి మూతా మర్యాదా అక్కర్లేదు. దుంప గట్టిది, ఘాటు గట్టిది, సన్నగా తరిగి నీళ్ళలో పది నిమిషాలు సలసల మరిగించాల్సిందే. పచ్చి అల్లం ఘాటు జింజరాల్‌ది. ఎండితే అందులోంచి ఒక నీటి అణువు జారిపోయి షోగాల్ అవుతుంది, ఇది ఇంకా మంట. శొంఠి నాలుక మీద పచ్చి అల్లం కంటే పదునుగా తగలడానికి కారణం అదే. అన్నంలో మొదటి ముద్దకు శొంఠిపొడీ నెయ్యీ కలిపి పెట్టిన మన పెద్దలకు దాని గుణం అనుభవంలో తెలుసు: అల్లం పొట్టను కదిలిస్తుంది, తిన్నది ముందుకు తోస్తుంది. వాంతి కబురు మోసే సెరటోనిన్ గ్రాహకాలకు అడ్డుపడి వికారాన్నీ ఆపుతుంది. వేవిళ్ళలో రోజుకు ఒక గ్రాము శొంఠి దాకా వాడి మేలు చూశారు, అదీ డాక్టరును అడిగాకే. నిద్రకు మాత్రం అల్లం చేసేదేమీ లేదు. పడుకునే ముందు ఘాటుగా తాగితే ఛాతీలో మంట పుట్టి ఉన్న నిద్రా పోతుంది. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళూ, రక్తం పలచన చేసే మందులు వాడేవాళ్ళూ ఎక్కువ మోతాదుకు పోకూడదు.

ఇక పిప్పర్‌మింట్. మన పెరటి పుదీనా కాదిది. నీటి పుదీనాకూ స్పియర్‌మింట్‌కూ పుట్టిన సంకరం. గింజ కట్టడం దాదాపు చేతకాని మొక్క. నేల మీద పాకే తీగలతోనే తరతరాలుగా బతుకుతోంది. మన పుదీనాలో మెంథాల్ అంతంతే, దీన్నిండా అదే. వేడి వేడి కప్పు తాగుతూ నోట్లో చల్లదనం ఎలా తెలుస్తుంది? చలిని గుర్తుపట్టే నరాల తలుపునే మెంథాల్ తడుతుంది. ఆ తలుపును కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకు మెంథాలే తాళంచెవి అయింది. ఆ కృషికి 2021లో నోబెల్ వచ్చింది. పేగు కండరంలోకి కాల్షియం చొరబడకుండా అడ్డుకుని అదే మెంథాల్ బిగువు వదిలిస్తుంది. గ్యాసు కదలక మెలిపెట్టే పొట్టకు ఎంత ఊరట! కానీ పేగు జబ్బుకు పరీక్షల్లో గట్టిగా నిలిచింది పేగులో కరిగే నూనె గుళికలే. టీ అంత బలమైనది కాదు. ఇంకో చిక్కుంది: అన్నవాహిక అడుగున ఉండే కండరపు మూతనూ ఇది సడలిస్తుంది. పులితేన్పులూ ఛాతీ మంటా ఉన్నవాళ్ళకు దీంతో మంట ఇంకా పైకి ఎగదన్నుతుంది.

పెళ్ళిభోజనం చేసి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరిన గృహిణి అనుకోండి. పొట్ట బరువు, కాస్త వికారం. మొదట అల్లం కషాయం, పలచగా, కూర్చుని తాగాలి. అరగంటలో తేలికపడి పొట్ట కింది భాగంలో గాలి మెలిపెడుతుంటే, ఛాతీ మంట లేకుంటేనే పిప్పర్‌మింట్. మంట ఉంటే చామొమైల్ ఒక్కటి చాలు, పడుకోవడానికి గంట ముందు. మరీ ఆలస్యమైతే రాత్రి మధ్యలో లేవాల్సి వస్తుంది. ఆవిడ రక్తహీనతకు ఐరన్ మాత్ర వేసుకుంటుంటే ఈ కప్పులకూ మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలి, ఎందుకంటే ఇనుము ఒంటబట్టకుండా పిప్పర్‌మింట్ దాదాపు మామూలు టీ అంతగా అడ్డుపడుతుంది, చామొమైల్ అందులో సగం. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, చెమటలు పోసి, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతుంటే అది గ్యాసనుకుని పొయ్యి వెలిగించకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.