బొటనవేలు తెగిన తర్వాత ఏకలవ్యుడు

మా రచనల్లో ఏకలవ్యుడు లేని సంకలనం దొరకడం కష్టం. చదువు అందని పిల్లవాణ్ణి ఏకలవ్యుడు అన్నాం. పోడు భూమి పోగొట్టుకున్న రైతును ఏకలవ్యుడు అన్నాం. మన భాషలకు బడిలో చోటు లేదని చెప్పడానికీ ఆ తెగిన బొటనవేలునే ముందు పెట్టాం. ఆ పోలికలో న్యాయం ఉంది, దాన్ని కాదనడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అయితే ఒక సభలో మాకు ఎదురైన ప్రశ్న మమ్మల్ని ఇంకా వదల్లేదు.

ఆ సభలో ఒక యువకవి బొటనవేలును అరచేతిలోకి మడిచి, నాలుగు వేళ్లు పైకెత్తి చూపిస్తూ కవిత చదివాడు. 'వేలు లేని జాతి మాది, పనికిరాని చెయ్యి మాది' అన్న అర్థంలో సాగింది కవిత. అందరం చప్పట్లు కొట్టాం. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం కొట్టలేదు. చాలా ఏళ్ల కింద ఎలుగుబంటి దాడిలో ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు సగం పోయాయి. సభ అయ్యాక కవిని పిలిచి అడిగాడు: "ఏం అల్లుడా, వేలు లేకపోతే చెయ్యి పనికిరాదా? నేను ఈ చేత్తోనే జీలుగు చెట్టు గీస్తున్నా. కత్తి పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకుంటే పట్టు దొరుకుతుంది. అది మీలో ఒక్కరూ రాయరేం?"

కవి తలవంచుకున్నాడు. మేమూ తలవంచుకున్నాం. ఇంటికి వచ్చి, మహాభారతంలో ఏకలవ్యుడు వచ్చే చోట్లన్నీ మళ్లీ చదివాం.

ఆదిపర్వంలో కథ అందరికీ తెలిసిందే. నిషాదరాజు హిరణ్యధన్వుడి కొడుకు ఏకలవ్యుడు. ద్రోణుడు విద్య నేర్పనన్నాడు. మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకుని, అడవిలో తనే నేర్చుకున్నాడు. మొరిగే కుక్క నోట ఏడు బాణాలు నింపాడు. అది చూసి అర్జునుడు గురువును నిలదీశాడు, గురువు వెళ్లి కుడి బొటనవేలు దక్షిణగా అడిగాడు, ఏకలవ్యుడు కోసి ఇచ్చాడు. మేం చెప్పుకునే కథ ఇక్కడితో అయిపోతుంది. మూలంలో మాత్రం ఆ తర్వాత రెండు చిన్న మాటలున్నాయి.

మొదటిది, ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో బాణం వేశాడు, అయితే మునుపటి వేగం లేదు. వేయలేకపోయాడని అక్కడ లేదు. పోయింది వేగం, విద్య కాదు. విల్లు పట్టేవాళ్లకు ఈ తేడా తెలుసు. బొటనవేలితో నారి లాగే పద్ధతి ఒకటి, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కలిపి లాగే పద్ధతి ఇంకొకటి. ఈనాటి ఒలింపిక్ విలువిద్యలో నారి లాగడానికి బొటనవేలు వాడరు. పద్ధతి మార్చుకున్నవాడు మొదట నెమ్మదిగానే వేస్తాడు. మూలం చెప్పింది ఆ తొలిరోజు సంగతి.

రెండోది, అర్జునుడు 'విగతజ్వరుడు' అయ్యాడట, అంటే జ్వరం తగ్గినవాడు. ఇక్కడ జ్వరమంటే తనను మించినవాడు ఉన్నాడన్న మనస్తాపం. ఆ మాటను మేం ఇన్నాళ్లూ గమనించలేదు. ఒంట్లో ఏ జబ్బూ లేని రాజకుమారుడి అసూయకు జబ్బు పేరు పెట్టి, దానికి మందుగా ఇంకొకరి వేలు తెచ్చారు. అర్జునుడి బాధను జ్వరంగా ఊహించినంత సులువుగా, ఏకలవ్యుడికి నిజంగా కలిగిన నొప్పిని ఎవరూ ఊహించలేదు. నెత్తురు ఎన్నాళ్లు కారింది, గాయం ఎవరు కట్టారు, ఇంట్లో అమ్మ ఏమంది, ఇవేవీ కథలో లేవు.

అమెరికా పండితులు డేవిడ్ మిచెల్, షారన్ స్నైడర్ 2000లో తెచ్చిన పుస్తకంలో ఈ అలవాటునే ప్రశ్నించారు. వాళ్లు చెప్పేది మన మాటల్లో ఇలా ఉంటుంది: కథ తన నడకకు లోపమున్న దేహాన్ని ఊతకర్రగా వాడుకుంటుంది, పని అయ్యాక మూల పడేస్తుంది. ధృతరాష్ట్రుడి చూపు లేమి అలా కొడుకుల మీద మమకారానికి గుర్తయింది. చూపు లేని మనిషి రోజు ఎలా గడుస్తుందన్నది అక్కడ ఎవరికీ పట్టలేదు. తెగిన వేలు గురుభక్తికి గుర్తని వాళ్లు వాడుకున్నారు. అన్యాయానికి గుర్తని మేం వాడుకున్నాం. మా వాడకం ధర్మంగా ఉంది. అయినా వేలు లేని మనిషిని వేలు దగ్గరే వదిలేయడంలో ఇద్దరం ఒకటే.

మరి ఆ మనిషి తర్వాత ఏమయ్యాడు? సభాపర్వంలో అతను రాజుల నడుమ ఉన్నాడు. ద్రోణపర్వంలో, ఘటోత్కచుడు పడిపోయిన తర్వాత, కృష్ణుడు అర్జునుడితో ఏకలవ్యుడి గురించి మాట్లాడతాడు. చేతికి వేలితొడుగు కట్టుకుని అడవిలో తిరిగే ఆ గర్విష్ఠి రెండో రాముడిలా వెలిగాడని అంటాడు. బొటనవేలు ఉండి ఉంటే దేవతలకు కూడా లొంగేవాడు కాడని, నీ మేలు కోసమే ద్రోణుడు దాన్ని తీసుకున్నాడని, యుద్ధంలో తానే అతన్ని చంపానని చెబుతాడు.

ఆ వేలితొడుగు దగ్గర మేం చాలాసేపు ఆగాం. విలుకాళ్లందరూ వాడే వస్తువే అది. అయినా ఇతని చేతికి అది ఉందంటే, విల్లు వదల్లేదని అర్థం. పెద్దాయన కత్తిపిడికి చుట్టుకున్న గుడ్డ మాకు గుర్తొచ్చింది. కృష్ణుడి మాటల్లో కూడా వేలు లేకపోవడమే అతని ఓటమికి కారణంగా నిలబడుతుంది, ఆ సంగతి దాచలేం. కానీ పనికిరాని చేతికి భయపడి ఎవరూ యుద్ధం చేయరు.

1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూలులో బొటనవేలు పోతే 30 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్క ఉండేది. విలుకాడికి ఆ లెక్క చాలకపోవచ్చు, కూలివాడికీ చాలకపోవచ్చు. అయినా ఆ పాత చట్టం కూడా మిగతా 70 శాతం మనిషి ఉన్నాడని ఒప్పుకుంది. మన కవిత్వంలో మాత్రం నూటికి నూరూ పోయింది.

ఇంకో ప్రమాదమూ ఉంది. వేలు లేకున్నా అందరికంటే గొప్పగా వేశాడు చూడండి అని పొగడడం మొదలుపెడితే, ద్రోణుడి తప్పు చిన్నదైపోతుంది. పెద్దాయన మమ్మల్ని పొగడమని అడగలేదు. బతికే తీరు రాయమన్నాడు. ఎలుగుబంటి చేసినది ప్రమాదం, ద్రోణుడు చేసినది నేరం. నేరాన్ని నేరమని గట్టిగా చెప్పాలి. అలా చెప్పడానికి, నష్టపడినవాడు పూర్తిగా పనికిరాకుండా పోయాడని చూపించాల్సిన పని లేదు. అతను ఆ తర్వాతా విల్లు పట్టాడని తెలిస్తే, దోచుకున్నది ఎంత పెద్ద విద్యో ఇంకా బాగా అర్థమవుతుంది.

అందుకే మేం ఒక నియమం పెట్టుకున్నాం. మా కథలో, పాటలో చెయ్యి లేని మనిషో, చూపు లేని మనిషో, సికిల్ సెల్ నొప్పితో మంచం పట్టిన పిల్లో వస్తే, ఆ లోపం చెప్పిన వాక్యం తర్వాత ఆ మనిషికి చేయడానికి ఏదైనా పని ఉందా, అనడానికి ఒక మాటైనా ఉందా అని చూసుకుంటాం. లేకపోతే ఆ మనిషిని మేం ఊతకర్రగా వాడుకున్నట్టే.

ఆ యువకవి తన కవితను వదిలేయలేదు. 'పనికిరాని' అన్న మాట కొట్టేసి, దాని చోట కత్తిపిడికి చుట్టిన గుడ్డను పెట్టాడు. మొదట పెద్దాయనకే చదివి వినిపించాడు. ఆయన విని, గుడ్డ కాదు, ఈమధ్య సైకిల్ ట్యూబు చుడుతున్నా, జారదు, అన్నాడు. కవి అదీ మార్చాడు.