‘అలాగేనండీ’ అనేముందు

లండన్ క్లయింటు మెయిల్లో ఎక్కడా తిట్టలేదు కాబట్టి పని నచ్చినట్టే అనుకుంటున్నావు చూడు నాయనా, అక్కడ కాస్త ఆగు. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు, నీ తొందర మీదే బెంగ. మెయిలు వస్తుంది, మొదటి వాక్యంలో ‘థాంక్స్’ కనిపిస్తుంది, నీ ప్రాణం కుదుటపడుతుంది. మిగతా నాలుగు వాక్యాల మీదుగా కళ్లు అలా జారిపోతాయి. అసలు సంగతి ఆ నాలుగింటిలోనే ఉంటుంది.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్లంతా ముక్కుసూటిగా చెప్పేస్తారని మనవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఇన్సియాడ్‌లో పాఠాలు చెప్పే ఎరిన్ మేయర్ 2014లో ‘ది కల్చర్ మ్యాప్’ అని ఒక పుస్తకం రాసింది. తప్పు ఎత్తిచూపాల్సి వచ్చినప్పుడు ఒక్కో దేశంవాళ్లు ఒక్కోలా మాట్లాడతారని అందులో వివరంగా చెప్పింది. నెదర్లాండ్స్, జర్మనీ వాళ్లు ‘పూర్తిగా’, ‘అస్సలు’ లాంటి మాటలు చేర్చి విమర్శకి బరువు పెంచుతారట. ఇంగ్లండువాళ్లు ‘కొంచెం’, ‘బహుశా’, ‘నాకే అర్థం కాలేదేమో’ అంటూ ఆ బరువు తగ్గిస్తారట. మాటలో బరువు తగ్గిందని నువ్వు చేయాల్సిన పని తగ్గదు. ఇంతే నేను చెప్పేది, దీన్నే తిప్పి తిప్పి చెబుతాను, విసుక్కోకు.

నీకు ఈ విద్య కొత్తదేం కాదు. పెళ్లిచూపులయ్యాక అవతలివాళ్లు ‘అమ్మాయి బంగారమండీ, మావాడే ఇంకో ఏడాది ఆగుదామంటున్నాడు’ అని కబురు పెడితే, మీ అమ్మ ‘ఏడాదయ్యాక ఏ నెలలో’ అని ఫోన్ చేసి అడుగుతుందా? ఆ సాయంత్రమే ఇంకో సంబంధం వెతకడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఇంత బాగా తెలిసిన సంగతి ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోగానే ఎలా మర్చిపోతావు?

ఒక ఉదాహరణ చెబుతాను, విను. ఇన్సూరెన్స్ క్లయింటు అనుకో. ఏడాది ప్రీమియం 500 పౌండ్లు, దాన్ని 12 నెలసరి వాయిదాలుగా విడగొట్టే ప్రోగ్రాం మీ టీమ్ రాసింది. ఒక్కో వాయిదా 41.67 పౌండ్లు అని చూపించారు. అవతలి ప్రాడక్ట్ ఓనర్ మంగళవారం మెయిలు పెట్టింది. ‘థాంక్స్, క్వైట్ ఎ గుడ్ స్టార్ట్. చివరి వాయిదా సంగతి మనం ఒకసారి ఆలోచిస్తే మంచిదేమో అనిపిస్తోంది. నేనే ఏదో మిస్సయి ఉండొచ్చు. డెమోకి ముందు చూడగలిగితే బాగుంటుంది.’ నువ్వేం చదివావు? ‘గుడ్’ చదివావు, ‘ఉండొచ్చు’ చదివావు. ఆవిడే పొరబడిందనుకుని, వీలున్నప్పుడు చూద్దామని పక్కన పెట్టావు.

ఇప్పుడు నిదానంగా లెక్కెయ్యి. 41.67ని 12తో గుణిస్తే 500.04 వస్తుంది. ఒప్పందంలో రాసినదానికంటే కస్టమర్ దగ్గర నాలుగు పెన్నీలు ఎక్కువ వసూలు చేస్తున్నారన్నమాట. చిన్న మొత్తమే, కానీ ఏ కస్టమరైనా కూడి చూస్తే ఫిర్యాదు అవుతుంది. మొదటి 11 వాయిదాలు 41.67 ఉంచి, చివరిది 41.63 చేస్తే సరిగ్గా 500 అవుతుంది. ఆవిడ ఆ లెక్క చేసుకునే రాసింది. ‘మిస్సయి ఉండొచ్చు’ అన్నది నీ పరువు కాపాడటానికి. ‘బాగుంటుంది’ అన్నచోట ‘కావాలి’ అని చదువుకోవాలి. ఇంగ్లండులో పనిని ‘క్వైట్ గుడ్’ అన్నారంటే చాలాసార్లు ‘పర్వాలేదు, ఇంకా చేయాల్సింది ఉంది’ అని. అదే అమెరికావాడు అంటే మెచ్చుకోలే కావచ్చు. అందుకే ముందు ఎవరు రాశారో చూడమంటాను.

మొదటి మెయిలుకి కదలకపోతే రెండోది వస్తుంది. ‘చివరి వాయిదా ఇంకా అలాగే ఉండటం చూసి కొంచెం ఆశ్చర్యపోయాను’ అని ఉంటుంది. ఆ ‘కొంచెం’ పట్టుకుని వేళ్లాడకు, ఆవిడకి అప్పటికే కోపం వచ్చింది. మూడోదానికి పైన ‘హాయ్’ పోయి ‘డియర్’ వస్తుంది, కింద ‘చీర్స్’ పోయి ఒట్టి ‘రిగార్డ్స్’ మిగులుతుంది. కాపీలో ఇంతకుముందు లేని పేరొకటి, వాళ్ల మేనేజరుది, కనిపిస్తుంది. ఒకే విషయం రెండోసారి రావడం, తేదీ లేనిచోట తేదీ చేరడం, కాపీలో కొత్త పేరు ఎక్కడం. ఈ మూడింటిలో ఏది కనిపించినా చేతిలో పని ఆపి దాని సంగతి చూడు. నాలుగో మెయిలు నీకు రాదమ్మా, నీ మీదివాళ్లకి వెళుతుంది. అప్పుడు ‘ఆవిడ ఎప్పుడూ తప్పని చెప్పలేదు’ అని నువ్వు బాధపడతావు. ఆవిడ మాత్రం మూడుసార్లు చెప్పానని అంటుంది.

మరి ఏం చేయాలి? మొదటి మెయిలు వచ్చిన రోజే, నీకు అర్థమైనదేమిటో నీ మాటల్లో తిరిగి రాయి. ‘చివరి వాయిదా 41.63గా మార్చి మొత్తం 500కి సరిపెడతాం, గురువారం మీ మధ్యాహ్నం మూడుకల్లా టెస్ట్ సర్వర్లో పెడతాం. మీరడిగింది ఇదేనా?’ అంతే. నువ్వు అపార్థం చేసుకుని ఉంటే అక్కడే తేలిపోతుంది. క్షమాపణలు అయిదుసార్లు చెప్పకు, ఒకసారి చాలు. గడియారం వాళ్లదే రాయి. వాళ్ల మూడు గంటలంటే ఎండాకాలంలో మనకి ఏడున్నర. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక ఎనిమిదిన్నర. ఆ వారం ఎంతమంది మీటింగుకి గంట ముందే వచ్చి కూర్చుంటారో!

ఇక రెండో సంగతి, నీ నోటి నుంచి వెళ్లే మాట. గురువారం సాయంత్రం కాల్‌లో ‘సోమవారానికి రెన్యువల్స్ రిపోర్టు వచ్చే అవకాశం ఏమైనా ఉందా?’ అని వాళ్లడిగారు. నీకు తెలుసు, కోడ్ రాయడానికి మూడు రోజులు, టెస్టింగుకి రెండు రోజులు పడుతుంది. అయినా ‘ట్రై చేస్తామండీ’ అన్నావు. మన దగ్గర ఆ మాటలో సగం ‘కాదు’ ఉంటుంది, ఎదుటివాడికీ తెలుసు. అవతలామె దాన్ని ‘సరే’ కింద రాసుకుంది, వాళ్ల పైవాళ్లకి చెప్పేసింది కూడా. ఆపైన వీడియోలో తల అటూ ఇటూ ఊపావు. మనకది ‘ఆఁ ఆఁ, అర్థమైంది’ అని. ఇంగ్లండువాళ్లకి అది అవునో కాదో తెలియదు. నోటితో చెప్పు నాయనా, తలతో కాదు.

సోమవారం రిపోర్టు రాలేదు. ఆలస్యమైనందుకు వాళ్లు పెద్దగా ఏమీ అనకపోవచ్చు. కానీ ఆ తర్వాత నువ్వు చెప్పిన ఏ తేదీనీ నమ్మరు, రోజూ స్టేటస్ కాల్ పెడతారు. శని, ఆదివారాలు కూర్చుని నువ్వు ఎలాగో లాక్కొస్తావనుకో, అప్పుడు ఇంట్లో పాప పుట్టినరోజుకి నువ్వుండవు. వచ్చే సోమవారం ఇంకోటి అడుగుతారు, ఎందుకంటే పోయిన సోమవారం కుదిరిందిగా.

‘కాదు’ అనడం మర్యాద తప్పడం అనుకుంటావు. ఆలస్యంగా అనడమే మర్యాద తప్పడం. ముందు ఒక్క మాట అడుగు, ‘సోమవారం ఆ రిపోర్టు మీకు దేనికి కావాలి?’ అని. చాలాసార్లు ఏదో మీటింగులో చూపించడానికి రెండు అంకెలు కావాలి, అంతే. అప్పుడు ఇలా రాయి: ‘పూర్తి రిపోర్టు సోమవారానికి కుదరదు, టెస్టింగుతో కలిపి అయిదు పనిరోజులు పడుతుంది, వచ్చే గురువారం సాయంత్రానికి ఇస్తాం. ఈ నెల రెన్యువల్స్ అంకెలు మాత్రం ఎక్సెల్‌లో తీసి సోమవారం మీ మధ్యాహ్నానికి పంపగలం. మీ మీటింగుకి అది సరిపోతుందా?’ చూశావా, ‘కుదరదు’ అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది. దాన్ని కిందెక్కడో దాస్తే వాళ్లకి కనిపించదు. కారణం ఒక్క ముక్కలో చెప్పు. టీమ్‌లో ఎవరికి జ్వరమో, ఏ సర్వర్ ఎందుకు ఆగిందో వాళ్లకి అక్కర్లేదు.

నీ కష్టం ఇంకోటుంది, అది నాకు తెలుసు. కాల్‌లో మీ మేనేజరు నీకంటే ముందే ‘ష్యూర్’ అనేస్తాడు. అందరి ముందూ ఆయన మాట ఖండించకు. కాల్‌కి ముందే అయిదు నిమిషాలు ఆయనతో కూర్చుని ఏది కుదురుతుందో, ఏది కుదరదో అనుకోండి. అప్పటికీ ఆయన నోరు జారితే, కాల్ అయిన వెంటనే ఆయనకి లెక్క చూపించి, ఆ రోజే ఇద్దరి తరఫునా మెయిలు పెట్టించు. నిన్నే నేరుగా తేదీ అడిగితే ‘ఇప్పుడే చెప్పలేను, రేపు మీ పదకొండుకల్లా రాస్తాను’ అను. అని, పదకొండులోపు రాయి.

డచ్చివాళ్ల దగ్గర ఇదంతా తిరగబడుతుంది. ‘ఈ డిజైన్ బాగాలేదు’ అని మొహం మీదే అనేసి, అదే నోటితో కాఫీ గురించి మాట్లాడతారు. రాత్రంతా నిద్ర మానుకోకు, ఏది బాగాలేదో అడిగి రాసుకో. నీ అభిప్రాయం వేరైతే అదీ చెప్పు, వాళ్లు దాన్నే కోరుకుంటారు. అమెరికావాళ్లు ముందు మూడు మెచ్చుకోళ్లు చెప్పి, మధ్యలో అసలు కోరిక పెడతారు. మెచ్చుకోలు నిజమే, కోరికా నిజమే.

ఇలా దేశం పేరు చూసి మనిషిని లెక్కగట్టేయకు కూడా. లండన్ ఆఫీసులో కూర్చున్నవాడు పోలండువాడు కావచ్చు, మన గుంటూరువాడు కావచ్చు, చిన్నప్పటి నుంచీ కటువుగా మాట్లాడే ఇంగ్లీషువాడే కావచ్చు. ఆ మనిషి సంతోషంగా ఉన్నప్పుడు ఎలా రాస్తాడో మొదటి నెలలో గమనించి పెట్టుకో. ఎప్పుడూ రెండు వాక్యాలే రాసేవాడు రెండు వాక్యాలు రాస్తే కోపం కాదు. పేరాలు రాసేవాడు రెండు వాక్యాలకి దిగితే మాత్రం ఫోన్ చేసి అడుగు.

అన్నట్టు, సంక్రాంతికి ఊరొస్తానన్నావు. కొత్త సంవత్సరం సెలవుల నుంచి వాళ్లు తిరిగొచ్చి పనులన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టే రోజులవి. వాళ్ల క్యాలెండర్లో మన భోగి ఉండదు. చివరి వారంలో నసుగుతూ చెప్పడం కాదు, నవంబరులోనే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉండవో, ఆ రోజుల్లో ఎవరు చూసుకుంటారో పేరుతో సహా రాసి పంపు. సంజాయిషీ ఏమీ అక్కర్లేదు. మీ అమ్మ అరిసెల పిండి పట్టించేలోపు వాళ్లు ‘ఎంజాయ్’ అని జవాబిచ్చేసి ఉంటారు.