తొక్కుడు లడ్డుకి ఫొటోనా, బొమ్మా?

పోయిన దసరాకి ముందు గుడివాడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడు బందరు నుంచి లడ్డు తెప్పించి ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. "అన్నయ్యా, నీకు ఆ ఏఐ బొమ్మలు తెలుసుగా, ఒక మంచి ఫొటో చేసిపెట్టవా?" అన్నాడు. ఆ ఒక్క వాక్యంలో బొమ్మా ఫొటో రెండూ ఉన్నాయని నేనప్పుడు గమనించలేదు.

ముందు తెలుగులోనే రాశాను.

```
తొక్కుడు లడ్డు, ఇత్తడి పళ్ళెంలో, పగటి వెలుతురు
```

వచ్చినదానిలో పళ్ళెమూ లేదు, లడ్డూ లేదు. కారణం పెద్ద రహస్యమేం కాదు. నేను వాడిన పాత ఓపెన్ మోడల్ మాటల్ని అర్థం చేసుకోవడం దాదాపు పూర్తిగా ఇంగ్లీషు శీర్షికలున్న ఫొటోల మీదే నేర్చుకుంది. మనకి రెండు మాటలైన "తొక్కుడు లడ్డు" దానికి, మధ్యలో ఖాళీ వదిలేస్తే, 39 బైట్లు. ఆ ముక్కల వెనక అది నేర్చుకున్న దృశ్యమంటూ ఏదీ లేదు. కొత్త సర్వీసుల్లో కొన్ని మనం రాసినదాన్ని లోపల ఇంగ్లీషులోకి మార్చుకుని పని కానిస్తాయి. అక్కడ చిక్కు పోదు, వేషం మారుస్తుంది. ఆ పని నేనే చేసి చూశాను.

```
crushed laddu on a brass plate, daylight
```

పళ్ళెం అద్భుతంగా వచ్చింది. అందులో చితికిపోయిన బూందీ లడ్లు, ఎవరో కూర్చున్నట్టు.

తప్పు మోడల్‌ది కాదు. తెలుగులో "తొక్కుడు" అన్నది లడ్డు అయ్యాక జరిగింది కాదు, కాకముందు జరిగింది. శనగపిండిని జంతికల్లా వత్తి నేతిలో వేయించి, వాటిని దంచి పొడి చేసి, జల్లించి, బెల్లం పాకం పోసి, నెయ్యి వేస్తూ నున్నబడేదాకా మళ్ళీ దంచుతారు. ఆ శ్రమంతా పేరులో ఉంది. ఇంగ్లీషులో ఆ మాటని లడ్డు ముందు పెట్టగానే దంచినది పిండినని కాక లడ్డునని అర్థమవుతుంది. (తొక్కుడు బిళ్ళ గుర్తొచ్చి పాదాల బొమ్మ రానందుకు సంతోషించాను.)

సరే, పేరు వదిలేసి రూపం చెబుదామనుకున్నాను.

```
smooth brown ball of gram flour and jaggery, no grains, ghee sheen
```

ఈ మోడళ్ళకి "లేదు" అన్నది సరిగా అందదు. గింజలు వద్దంటే ఆ మాట విని గింజలే వేసింది. వద్దనుకున్నవి రాసే వేరే పెట్టెలోకి ఆ మాట మార్చాక నున్నటి, గోధుమరంగు, మెరిసే ఉండ వచ్చింది. చూస్తే చాక్లెట్! రాసిన ప్రతి మాటా నిజమే, వచ్చిన వస్తువు మాత్రం వేరు.

ఆ ప్రయత్నాలన్నీ వాడికి పంపాను. వాడు మొదట్లో అనుకోకుండా వచ్చిన పసుపు పచ్చని బూందీ లడ్డు బొమ్మని ఎంచుకున్నాడు. "లడ్డు అంటే జనానికి ఇదే అన్నయ్యా." దివిసీమలో, అవనిగడ్డలో ఉండే మా పెద్దమ్మకి చూపిస్తే "ఇది ఎవరి పెళ్ళిలోదిరా?" అంది. వాడు వినలేదు. నేనూ గట్టిగా చెప్పలేదు, అది నా తప్పు. పండగ వారంలో హైదరాబాద్ నుంచి ఒకావిడ డబ్బు వెనక్కి అడిగింది. ఫొటోలో ముత్యాల్లా ఉన్నాయి, వచ్చినవి మట్టిరంగు ముద్దలు, పాతవి పంపారా అని. ఆమె తిన్నది అసలైన బందరు లడ్డే. నా బొమ్మ దాన్ని నకిలీని చేసింది.

వాడి వాదన వాడికుంది: బిస్కెట్ పాకెట్ మీది బొమ్మ మాత్రం నిజమా? కానీ ఆవిడ రాసింది "ఫొటోలో" అని. మన మాటల్లో ఫొటో తీస్తారు, బొమ్మ వేస్తారు. తీయాలంటే వస్తువు ఎదురుగా ఉండాలి. ఇంగ్లీషు "ఇమేజ్" ఆ రెంటినీ ఒకే మాటలో కలిపేసింది. అనువాదంలో పోయినవాటిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది లడ్డు పేరు కాదు, ఇది.

అలాగని తెలుగు పేర్లన్నీ సత్యహరిశ్చంద్రులని అనను. బందరు పక్కనే పెడనలో అద్దేదాన్ని కలంకారీ అంటాం. పేరులో కలం ఉంది, పనిలో ఉన్నది చెక్క అచ్చులు. పేరు నమ్మి కలంతో గీసిన బట్ట వేయమంటే శ్రీకాళహస్తి పద్ధతి వైపు వెళ్ళిపోతాం. అక్కడ నిజంగానే కలంతో గీస్తారు. పెడన చీరకి ఆ బొమ్మ పెట్టి అమ్మితే పేరు ప్రకారం ఒప్పే, కొన్నవాళ్ళకి మోసమే.

చివరికి లడ్డుని వాడి ఫోన్‌తోనే తీశాం. కిటికీ పక్కన బల్ల, అద్దానికి పల్చటి తెల్ల కాగితం, ఎదురుగా ఇంకో తెల్ల అట్ట. ఒక లడ్డుని సగానికి విరిచి పక్కన పెట్టాం, లోపల బూందీ లేదని తెలియడానికి. లడ్డు వరకు ముట్టుకోకుండా కప్పి, చుట్టూ ఉన్నది మార్చమని మోడల్‌కి ఇచ్చాను. పళ్ళెం, వెనక గోడ అది వేసినవే. వాటికి ఇంతవరకూ ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు.